ఆయన, వాడు

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"అన్నా, నేను మా అమ్మను కొడతానని నీకెవరు చెప్పినారు?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే సర్దిచెప్పుకునేవాణ్ణి. అంతకు ముందే ఎక్కడో ఏడ్చి వచ్చి, ఇప్పుడు నిదానంగా అడుగుతున్న గొంతు అది. నాకేమీ అర్థం కాలేదు. "ఏందబ్బయ్యా, ఏం జరిగింది?" అన్నాను. "ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఉండాది. నువ్వు కూడా చూడు" అని పెట్టేశాడు. నిమిషంలో ఒక వీడియో ముక్క వచ్చింది. నిడివి 41 సెకన్లు.

అది 2018 ఎండాకాలం. ఆ రోజు ఉదయగిరి బస్సు ఎక్కలేదు. బస్టాండులోని సిమెంటు బల్ల మీద కూర్చుని ఆ 41 సెకన్లను పదిసార్లు చూశాను.

వీడియోలో ఆ అమ్మ ముఖం. ఆమె మాట్లాడుతోంది గాని ఆ మాట వినపడదు. మొదటి రెండు మాటలు వినిపించగానే వాటి మీద ఇంగ్లీషు గొంతు ఎక్కింది. తాగొచ్చి కొడతాడనీ, కూలి డబ్బులు లాక్కుపోతాడనీ ఆ గొంతు చెప్తోంది. అంతలో ఆమె కొడుకు తెర మీదికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో సీసా. మళ్ళీ ఆమె ముఖం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అక్కడితో అయిపోయింది.

బెంగళూరులో ఉద్యోగం చేసుకునే ఆ ఊరి కుర్రాడొకడు ఇంటర్నెట్‌లో చూసి, ఆ ముక్కను కోసి ఊరి వాట్సాప్ గుంపులో పెట్టాడు. ఇంగ్లీషు చెప్పేదేమిటో తెలుగు చేసి కింద రాసిందీ అతనే. అతనిలో చెడ్డ ఉద్దేశం లేదు. తెర మీద కనిపించినదాన్నే చెప్పాడు.

ఆ అమ్మ పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె ముఖాన్ని ఆమెకు తెలియకుండా లోకం మీదికి వదిలిన పనిలో నాకూ చెయ్యి ఉంది. ఈ కథను ఆమెకు చదివి వినిపించాను. ఆమె తీసెయ్యమన్న రెండు చోట్లు తీసేశాకే పత్రికకు పంపుతున్నాను.

కథ మొదలయ్యింది అంతకు ముందు సంవత్సరం. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో సారా ఉద్యమం నడిచి పాతికేళ్ళు కావస్తోంది. ఈ తరం వాళ్ళకు తెలియకపోవచ్చు, అందుకే నాలుగు మాటల్లో చెప్తాను. 1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలై ఊరూరా రాత్రి బడులు వెలిశాయి. పగలు కూలికి పోయి, వంటలు ముగించుకుని, లాంతరు వెలుగులో పలక పట్టుకున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. అక్షరాలతోపాటు సారా మాటా అక్కడే కదిలింది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపేశారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా కొత్త చదువరుల పుస్తకంలోకి ఎక్కింది. చదివిన ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు, మనమెందుకు ఆపలేమనుకున్నారు. 1992లో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా వినపడింది. 1996లో నాటా దువ్వూరి, షబ్నం విర్మాణి ఈ ఉద్యమం మీద సినిమా తీశారు. ఆ తర్వాత కెమెరాలు వస్తూనే ఉన్నాయి. రోశమ్మ 2016 ఆగస్టులో కన్నుమూశారు. మరుసటి ఏడు వచ్చిన ఒక బృందానికి నేను దారి చూపించాను.

ఊళ్ళు చూపించడం, మనుషుల్ని పిలవడం, ఊళ్ళవాళ్ళ తెలుగును బృందానికీ, బృందం ఇంగ్లీషును ఊళ్ళవాళ్ళకూ అందించడం నా పని. రోజుకు 1,500 రూపాయలు ఇచ్చారు. దర్శకురాలు దూరపు నగరం నుంచి వచ్చిన మనిషి. నెమ్మదస్తురాలు, ఉద్యమం గురించి నాకంటే ఎక్కువ చదివింది. ఆమెను దుర్మార్గురాలిగా చూపిస్తే ఈ కథ రాయడం తేలికయ్యేది, కానీ అబద్ధం అవుతుంది.

వీడియోలోని ఆ అమ్మను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. పెద్దమ్మ ఇంటికి మేం పోయింది నిమ్మకాయలు కోసే రోజుల్లో. ఆ పూట ఆమె కూలికి పోకుండా మా కోసం ఉండిపోయింది. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చుంది. ఎంత చెప్పినా లేవలేదు. కెమెరా స్టాండును మా ఎత్తుకు తగ్గట్టు నిలబెట్టారు. ఆమె తలెత్తి చూస్తూ మాట్లాడింది, కెమెరా దించి చూసింది.

ఆ కోణానికి తెలుగు నేల మీద ఒక పేరుందని తర్వాత తెలుసుకున్నాను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలకు వీడియో నేర్పింది. ఆ సంస్థను నడిపిన పి.వి.సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. చదువు లేని ఆ ఆడవాళ్ళు కెమెరా కోణాలకు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, ఎందుకంటే ఊళ్ళో పటేల్ వాళ్ళను అట్లాగే చూస్తాడు. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఆ రోజు మేం తీసిన ఒక గంటా నలభై నిమిషాలూ పటేల్ షాటే. మాలో ఒక్కరికీ తట్టలేదు.

తీయడానికి ముందు సంతకం. రెండు పేజీల కాగితం, మొత్తం ఇంగ్లీషు. అటువంటి కాగితాల్లో ఉండే మాటలే అందులోనూ ఉన్నాయి. ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అయిన అన్ని మాధ్యమాల్లోనూ వాడుకోవచ్చు. కత్తిరించవచ్చు, మార్చవచ్చు, కలపవచ్చు. తర్వాత అడిగే హక్కు ఉండదు. దాన్ని నేనెట్లా తెలుగు చేశానో ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"ఏంలేదు పెద్దమ్మా. నువ్వు చెప్పేది సినిమాలో పెట్టుకుంటారంట. దానికి ఒప్పుకున్నట్టు."

ఆమె కాగితం చూడలేదు, నా ముఖం చూసింది. "నువ్వు మన పిల్లోడివే గదా నాయనా. నువ్వు చెప్తే ఇంకేముంది" అంది. కలం తీసుకుంది. నేను వేలిముద్ర డబ్బా తెరవబోతే నా చెయ్యి పక్కకు తోసింది. "నాకు సంతకం వచ్చు. రాత్రి బళ్ళో నేర్చుకున్నా" అని, ఒక్కో అక్షరం వత్తి వత్తి తెలుగులో పేరు రాసింది. మోసపోకుండా ఉండటానికి నేర్చుకున్న అక్షరాలవి. వాటితోనే, తను చదవలేని కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టించింది నేను.

ఆమె ఒప్పుకోలేదని అనను, ఒప్పుకుంది. ఒప్పుకున్నది సినిమాకు కాదు, నాకు. తెలిసిన ఇంటి పిల్లవాడు చెడు చెయ్యడన్న నమ్మకానికి ఒప్పుకుంది. ఆమె మనసులో సినిమా అంటే 1992లో తామంతా కలిసి చేసిన ఘనకార్యం చెప్పుకోవడం. ఆ మాటలను కోస్తారనీ, మనవడి వయసు కుర్రాళ్ళు ఫోన్లో చూస్తారనీ, వద్దనుకుంటే ఫలానా తేదీ దాకా వద్దనొచ్చనీ నేను చెప్పలేదు. ఆ తేదీ కాగితంలోనూ లేదు.

అదే సినిమాలో ఒకప్పటి సారా కాంట్రాక్టరు ఒకాయన కూడా మాట్లాడాడు. ఆయన కాగితాన్ని ఒక రాత్రి తన దగ్గర ఉంచుకున్నాడు. ప్రశ్నలు ముందుగా పంపమన్నాడు, పంపాం. తీశాక తన భాగం చూపించమన్నాడు, చూపించాం. ఒక వాక్యం తీసెయ్యమన్నాడు, తీసేశారు. పెద్దమ్మ ఏదీ అడగలేదు గనుక ఆమెకు ఏదీ చూపించలేదు. అడగడం తెలిసినవాడి మాట తెర మీద భద్రంగా ఉంది. పద్ధతి సరిగ్గా తిరగబడి ఉండాల్సింది. ఊరి మీద అధికారం నడిపినవాడికి కత్తిరింపు ముందుగా చూపిస్తే, నిజాన్ని చెరిపే వీలు అతని చేతికి ఇచ్చినట్టే. తన బతుకునే ముందు పెట్టిన మనిషికి చూపించకపోతే ఆ బతుకును ఎత్తుకుపోయినట్టే. ఇద్దరికీ ఒకే నియమం పెట్టడం న్యాయంగా కనిపిస్తుంది గాని న్యాయం కాదు.

ఇక ఆ 41 సెకన్లు ఎట్లా తయారయ్యాయో చెప్పాలి.

ఫోన్ వచ్చిన రెండో రోజు దర్శకురాలిని అడిగి పూర్తి ఫుటేజీ తెప్పించుకున్నాను. నేను అడిగిన ప్రశ్న అందులో స్పష్టంగా ఉంది. "సారా ఉన్న రోజుల్లో ఇంట్లో ఎట్టుండేది పెద్దమ్మా?" ఆమె చెప్పింది:

"ఏం చెప్పేది నాయనా. ఆయన తాగొచ్చి కొట్టేవోడు. కూలి డబ్బులు ఉన్నకాడికి ఊడ్చుకొని పొయ్యేవోడు. అది ఆ కాలం. సారా పోయినాక ఆయన మనిషయినాడు. పదహారేళ్ళు నా మీద చెయ్యెత్తలా. పోయే ముందు నా చెయ్యి పట్టుకొని, నిన్ను శానా బాధ పెట్టినానే అని ఏడ్చినాడు."

అప్పుడు ఆమె ఏడ్చింది. భర్త 2009లో పోయాడు. ఆ కన్నీళ్ళు ఆయన కోసం.

సినిమాలో నా ప్రశ్న లేదు. ప్రశ్న పోగానే 'సారా ఉన్న రోజుల్లో' అన్న కాలం కూడా దాంతోపాటు పోయింది. "అది ఆ కాలం" దగ్గర నుంచి 19 సెకన్లు కోసేశారు. దెబ్బల మాట అయిపోగానే కన్నీళ్ళు వచ్చాయి. భర్త పశ్చాత్తాపానికి కార్చిన కన్నీళ్ళు దెబ్బలకు కార్చినవయ్యాయి.

మరి మధ్యలో కొడుకు ఎందుకు వచ్చాడు? ఇక్కడ పనితనం సంగతి ఒకటి చెప్పాలి. ఒకే కెమెరాతో తీసిన మాటల్లో మధ్య ముక్క కోస్తే బొమ్మ గెంతుతుంది. తల ఒక పక్క ఉన్నది ఇంకో పక్కకు చటుక్కున మారుతుంది, చూసేవాడికి అతుకు తెలిసిపోతుంది. అది తెలియకుండా ఎడిటరు ఆ చోట వేరే బొమ్మ కప్పుతాడు. చేతులో, గోడ మీది ఫొటోనో, ఇంటి ముందు మేకో కనిపిస్తుంది, మాట మాత్రం కింద ఆగకుండా పోతూ ఉంటుంది. ప్రతి డాక్యుమెంటరీలోనూ జరిగేదే. ఇక్కడ ఎడిటరుకు దొరికిన నాలుగు సెకన్ల బొమ్మ కొడుకుది. కోతను కప్పడానికి వాడాడు, కొడుకు మీద నేరం మోపడానికి కాదు. కానీ చూసేవాడికి ఎడిటరు మనసు కనిపించదు, ఒకదాని పక్కన ఒకటి పెట్టిన రెండు బొమ్మలే కనిపిస్తాయి. 'కొట్టేవాడు' అన్న మాట మీద ఒక మగవాడు కనిపిస్తే, వాడే అనుకుంటాడు.

చేతిలోని సీసా కూల్‌డ్రింకుది. ఎండన పడి వచ్చామని, మేము వద్దంటున్నా వినకుండా, మా కోసమే సైకిలు మీద పోయి కొనుక్కొచ్చాడు. మా ముందుకు వస్తే కెమెరాకు అడ్డమవుతుందేమోనని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ సీసాలోది నేనూ తాగాను.

ఇంత జరిగినా ఒక అడ్డుకట్ట ఉండాల్సింది. పెద్దమ్మే దాన్ని కట్టింది. భర్తను ఆమె మొదటి నుంచి చివరి దాకా 'ఆయన' అంది. కొడుకు మాట వచ్చిన ప్రతిచోటా 'వాడు' అంది. మన భాషలో ఏ ఆడమనిషీ ఈ రెండింటినీ కలిపెయ్యదు. ఆ ఒక్క మాట వినపడితే చాలు, ఊళ్ళో పసిపిల్లకు కూడా ఎవరి గురించో తెలిసిపోయేది. ఎడిటరుకు తెలుగు రాదు. అతని ముందున్నది మాటల ఇంగ్లీషు ప్రతి. అందులో 'ఆయన' ఉన్నచోటా 'వాడు' ఉన్నచోటా ఒకటే మాట ఉంది. ఆ ప్రతి టైపు చేసింది నేనే. ఉదయగిరిలో ఒక లాడ్జి గదిలో, రాత్రి పన్నెండు దాటాక, తొందర తొందరగా. ఎవరి గురించి చెప్తోందో పక్కన బ్రాకెట్లో ఒక్క మాట, 'భర్త' అని రాసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తెలుగు వినపడకుండా పైన ఇంగ్లీషు గొంతు ఎక్కించడంతో ఆఖరి సాక్ష్యం కూడా పోయింది.

ఇట్లాంటి అతుకు పెద్దవాళ్ళ విషయంలోనూ జరుగుతుంది. 2007 జులైలో బీబీసీ ఎలిజబెత్ రాణి మీది కార్యక్రమానికి ప్రోమో చూపించింది. ఫొటోగ్రాఫర్ అనీ లీబోవిట్జ్ కిరీటం తీయమని అడగగానే రాణి అలిగి లేచిపోయినట్టు అందులో కనిపించింది. నిజానికి ఆ నడక ఫొటోల కోసం ఆమె వస్తున్నప్పటిది. వెనకది ముందు, ముందరిది వెనక అయింది. బీబీసీ వెంటనే క్షమాపణ చెప్పింది, విచారణ జరిగింది, అక్టోబరులో బీబీసీ వన్ అధిపతి పీటర్ ఫించమ్ రాజీనామా చేశాడు. రాణిగారి తరఫున అడగడానికి ఒక రాజభవనం ఉంది. పెద్దమ్మ తరఫున అడిగింది కొడుకు ఒక్కడే. అతను ఎవరిని అడగాలో తెలియక నన్ను అడిగాడు.

వాళ్ళ ఇంటికి పోవడానికి నాకు నాలుగు రోజుల ధైర్యం కావాల్సి వచ్చింది. పోయేసరికి అతను ఇంట్లోనే ఉన్నాడు. టీ అంగడికి పోవడం మానేశాడట. ఎవరూ ఏమీ అనలేదు గాని, పోగానే మాటలు ఆపేస్తున్నారట. అతని కూతురికి వింజమూరు వైపు నుంచి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. కారణం వాళ్ళు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. "కాగితంలో ఏముండాదో నువ్వు చదివినావా నాయనా?" అని మాత్రం అడిగింది. చదివాననే చెప్పాను. "మరి నాకెందుకు చెప్పలా?" అంది.

దర్శకురాలికి ఫోన్లో విషయమంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కాగితం ప్రకారం ఆమె ఏదీ చెయ్యనక్కర్లేదు. అయినా రెండు వారాల్లో వచ్చింది. ఈసారి కెమెరా లేదు, ల్యాప్‌టాప్ ఉంది. మంచం ఎక్కలేదు, పెద్దమ్మ పక్కనే చాప మీద కూర్చుంది. ఇంగ్లీషు గొంతు తీసేసి, పెద్దమ్మ భాగమంతా ఆమె తెలుగుతోనే చూపించింది. ముందు సినిమాలో ఉన్నట్టు, తర్వాత పూర్తిగా. కొడుకూ కోడలూ వెనక నిలబడి చూశారు.

పెద్దమ్మ రెండుసార్లు వెయ్యమంది. తర్వాత చెప్పింది: "ఏడుపు నాదే, మాటా నాదే. మధ్యలోది యాడికి పాయె?"

కొట్టిన మాట తీసెయ్యమంటుందని అనుకున్నాను. అనలేదు. "అది నిజమే గదా, ఉండనీ. ఆయన మారిన మాట కూడా ఉండాల" అంది. కొడుకు బొమ్మ తీసెయ్యమంది. ఇంకొకటి కూడా తీసెయ్యమంది, అది మా ఎవరి ఊహలోనూ లేదు. పొయ్యి పక్కన గంజి చెంబు మీద కెమెరా కాసేపు నిలిచిన ఒక బొమ్మ. మాకు అది అందమైన బొమ్మ. "మీరొచ్చిన రోజు అన్నం వండినా గదా. గంజి చూపించినారు. ఇంటికొచ్చినోళ్ళకు అన్నం పెట్టలేని దాన్నా నేను?" అంది. దర్శకురాలు ఒక నోటు పుస్తకంలో అన్నీ రాసుకుంది. ఆ పుస్తకంలో పేజీ కింద పెద్దమ్మ సంతకం పెట్టింది. ఈసారి పైన రాసిందంతా తెలుగులో ఉంది, పెట్టేముందు తనే కూడబలుక్కుంటూ చదువుకుంది.

ఆ రోజు నుంచి నేను ఎవరితో పోయినా ఒక షరతు ముందే పెడుతున్నాను. సంతకం రెండుసార్లు. తీసే ముందు ఒకసారి, కత్తిరింపు పూర్తయి ఇక మార్చరనుకునే ముందు వాళ్ళ ఇంట్లో, వాళ్ళ భాషలో చూపించాక రెండోసారి. తీసే రోజున మనిషి ఒప్పుకునేది మాట్లాడటానికి మాత్రమే. ఆ మాటకు అర్థం తయారయ్యేది నెలల తర్వాత, ఎక్కడో ఒక గదిలో. ఆ అర్థానికి ఎవరూ ముందుగా ఒప్పుకోలేరు. ఈ షరతుకు ఖర్చవుతుంది, ఆలస్యమవుతుంది. ఇద్దరు దర్శకులు నన్ను వద్దనుకున్నారు.

మనవరాలికి తర్వాత వేరే ఊరి సంబంధం కుదిరింది, పెళ్ళికి నేను పోయాను. కొడుకు పలకరించాడు, భోజనానికి కూర్చోబెట్టాడు. ఇదివరకటిలా 'అన్నా' అనలేదు.

సినిమా కొత్త ప్రతి పాతదానికన్నా 19 సెకన్లు పొడుగు. 'ఆయన' అన్న చోట కింద 'నా భర్త' అన్న అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో పడుతుంది. ఆమె గొంతు మీద ఇప్పుడు ఏ గొంతూ లేదు. ఇంటర్నెట్‌లో పాతది తీసేశారు. కానీ కోసి పంచుకున్న ఆ 41 సెకన్ల ముక్క మాత్రం ఫోన్ల నుంచి ఫోన్లకు ఇంకా పోతూనే ఉంది. ఒక పెద్దామె కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, గుమ్మంలో ఒకతను సీసా పట్టుకుని నిలబడి ఉన్న వీడియో మీ ఫోనుకు ఎప్పుడైనా వస్తే, దయచేసి దాన్ని ఇంకొకరికి పంపకండి. అతను మాకు దాహం తీర్చడానికి వచ్చినవాడు.